సందేశమంత తాళంచెవి

వన్ టైమ్ ప్యాడ్ మీద పరీక్షలో ప్రశ్న వస్తే మనలో చాలామందిమి రెండు ముక్కల్లో తేల్చేస్తాం. "దీన్ని ఎవరూ ఛేదించలేరు. కానీ వాడటం కష్టం." మార్కులు కూడా వచ్చేస్తాయి. నాకు మాత్రం ఆ రెండు వాక్యాల మధ్య ఉన్న "కానీ" దగ్గర ఆగాలనిపించింది. లెక్క వేసుకుంటూ పోతే తెలిసిందేమిటంటే, ఏ గుణం వల్ల దాన్ని ఛేదించలేమో సరిగ్గా ఆ గుణం వల్లే దాన్ని రోజూ వాడలేం. ఒకదాన్ని ఉంచుకుని రెండోదాన్ని వదిలించుకోవడం కుదరదు. ఎందుకు కుదరదో ఒక చిన్న ఉదాహరణతో మొదలుపెట్టి చెప్తాను. కూడికలు, తీసివేతలు వస్తే చాలు.

ఐదు అక్షరాల జవాబు

"రేపు క్లాసుకి డుమ్మా కొడదామా?" అని నేను మిమ్మల్ని అడిగాననుకోండి. మీ జవాబు చీటీ మీద రాసి పంపాలి. దారిలో ఆ చీటీ వార్డెన్ గారి చేతిలో పడొచ్చు. మీ జవాబు "సర్లే". చాట్‌లో మనం టైప్ చేసుకునే పద్ధతిలో రాస్తే SARLE, ఐదు అక్షరాలు.

మనిద్దరం ముందే కలిసి ఒక పని చేసి ఉంచుకున్నాం. ఒక సంచిలో A నుంచి Z దాకా 26 చీటీలు వేసి బాగా కలిపి, చూడకుండా ఒకటి తీశాం. వచ్చిన అక్షరం రాసుకుని, చీటీ మళ్ళీ సంచిలో వేసి, కలిపి, ఇంకొకటి తీశాం. అలా ఐదుసార్లు. వచ్చింది QHMXC. దాన్ని రెండు కాగితాల మీద రాసి చెరొకటి దగ్గర పెట్టుకున్నాం. ఇదే కీ, అంటే తాళంచెవి.

ఇప్పుడు A ని 0, B ని 1, అలా Z ని 25 అనుకుందాం. సందేశంలోని ఒక్కో అక్షరానికి కీలోని ఒక్కో అక్షరం కలపాలి. మొత్తం 26 గానీ అంతకంటే ఎక్కువ గానీ వస్తే అందులోంచి 26 తీసెయ్యాలి.

```
సందేశం   S A R L E   18  0 17 11  4
కీ       Q H M X C   16  7 12 23  2
చీటీ     I H D I G    8  7  3  8  6
```

మొదటి అక్షరం చూడండి: 18 + 16 = 34, అందులో 26 పోతే 8, అంటే I. చీటీ మీద మీరు రాసేది IHDIG. నా దగ్గర కీ ఉంది కాబట్టి నేను తీసివేస్తాను. సున్నా కంటే తక్కువైతే 26 కలుపుతాను. SARLE వచ్చేస్తుంది. తర్వాత ఇద్దరం ఆ కాగితాలు కాల్చేస్తాం. పద్ధతి మొత్తం ఇంతే.

వార్డెన్ గారికి ఏం తెలిసింది?

చీటీ వార్డెన్ గారికి దొరికింది. మన పద్ధతి కూడా ఆయనకు పూర్తిగా తెలుసు, ఒక్క కీ తప్ప. పైగా ఆయన దగ్గర ప్రపంచంలోని కంప్యూటర్లన్నీ ఉన్నాయనుకుందాం. ఐదు అక్షరాల కీలు 26^5, అంటే 1,18,81,376 ఉంటాయి. లాప్‌టాప్‌కి అది పెద్ద పనేం కాదు. ఆయన అన్నీ ప్రయత్నించారు. ఏం దొరుకుతుంది?

```
IHDIG - QHMXC = SARLE
IHDIG - NHAFM = VADDU
IHDIG - NDSXM = VELLU
```

ఒక కీ పెడితే "సర్లే", ఇంకో కీ పెడితే "వద్దు", మరో కీ పెడితే "వెళ్ళు". ఐదు అక్షరాల మాట ఏది తీసుకున్నా, దాన్ని ఇచ్చే కీ సరిగ్గా ఒక్కటి ఉంటుంది. సంచిలోంచి తీసేటప్పుడు ఆ కీలన్నిటికీ సమానమైన అవకాశం ఉంది. అందుకే ఏది అసలు కీయో చెప్పే ఆధారం చీటీలో లేదు. ఆయన కోటికి పైగా లెక్కలు చేసి సంపాదించింది ఐదు అక్షరాలతో రాయగల పదాలన్నిటి జాబితా. ఆ జాబితా చీటీ దొరక్కపోయినా రాసుకోవచ్చు.

"సర్లే" అనే వాడే అని మీ సంగతి తెలిసిన వార్డెన్ గారు ముందే 70 శాతం అనుమానించారనుకోండి. చీటీ చూశాక ఆ అనుమానం 71 కూడా కాదు, 69 కూడా కాదు. ఇది బేయిస్ సూత్రంలో ఇలా కనబడుతుంది. M అంటే సందేశం, C అంటే చీటీ మీదున్నది:

```
P(M|C) = P(M) × P(C|M) / P(C)
```

ఏ సందేశాన్ని తీసుకున్నా, అది IHDIG గా మారాలంటే ఒకే ఒక్క కీ రావాలి. కాబట్టి P(C|M) ఎప్పుడూ 1/26^5. అన్ని సందేశాలకూ అంతే కాబట్టి P(C) కూడా అంతే. పైనా కిందా కొట్టేస్తే P(M|C) = P(M). చీటీ చూడక ముందు ఎంతో, చూశాకా అంతే. పరిపూర్ణ రహస్యం అనే మాటకి అర్థం ఇదే.

మామూలు గుప్తలిపితో పోలిస్తే తేడా తెలుస్తుంది. 128 బిట్ల కీ వాడే ఏఈఎస్‌లో ఒక పేజీ ఉత్తరం దాచామనుకోండి. కీలన్నీ ప్రయత్నించగలిగితే, చదవగలిగే ఉత్తరం ఇచ్చేది దాదాపు కచ్చితంగా ఒక్క కీయే. మిగతావన్నీ చెత్త ఇస్తాయి. అంటే సమాధానం అక్కడ ఉంది, వెతకడానికి టైమ్ చాలదు, అంతే. వన్ టైమ్ ప్యాడ్‌లో ఎంత టైమ్ ఇచ్చినా వెతకడానికి ఏమీ లేదు.

అలాగని అది అన్నీ కాపాడుతుందని కాదు. సందేశం పొడవు బయటికి కనబడుతుంది. జవాబు ఐదు అక్షరాలని వార్డెన్ గారికి తెలిసిపోయింది. ఇంకొకటి, ఆయన చదవలేకపోయినా మార్చగలరు. IHDIG లో మొదటి I ని మూడు అక్షరాలు ముందుకి జరిపి L చేస్తే, నా దగ్గర S బదులు V వస్తుంది. ఆయనకి మీ జవాబు ముందే తెలిస్తే కీ లేకుండానే దాన్ని తనకి కావలసిన మాటగా మార్చి నాకు పంపొచ్చు. రహస్యంగా ఉండటం, చెక్కుచెదరకుండా ఉండటం రెండూ వేరు.

కీ ఎందుకంత పొడవు?

ఇక్కడ ఎవరికైనా వచ్చే ఆలోచన ఒకటుంది. కీ కొంచెం చిన్నది చేసి ఇదే ఫలితం సాధించలేమా? బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన క్లాడ్ షానన్ దీనికి తిరుగులేని జవాబు చెప్పాడు. 1945లో రహస్య నివేదికగా రాశాడు, 1949లో అది వ్యాసంగా వచ్చింది. ఆయన వాదన సారాన్ని మన ఉదాహరణలోనే చూడొచ్చు.

కీకి ఐదు కాకుండా నాలుగే అక్షరాలు తీశామనుకోండి. ఐదో అక్షరానికి మొదటిదాన్నే మళ్ళీ వాడతాం. ఇప్పుడు సాధ్యమయ్యే కీలు 26^4, అంటే 4,56,976. వార్డెన్ గారు అన్నిటితోనూ చీటీని విప్పుతారు. ఒక్కో కీకి ఒక్కో పదం, కాబట్టి ఎక్కువలో ఎక్కువ 4,56,976 పదాలే వస్తాయి. ఐదు అక్షరాల పదాలు మాత్రం కోటీ పద్దెనిమిది లక్షలు దాటి ఉన్నాయి. మిగిలినవన్నీ "ఇవి కాదు" అని ఆయన కొట్టెయ్యొచ్చు. కొట్టెయ్యగలిగారంటే ఆయనకి ఏదో కొంత తెలిసినట్టే, పరిపూర్ణత పోయినట్టే.

అంటే సాధ్యమయ్యే సందేశాలు ఎన్నున్నాయో, సాధ్యమయ్యే కీలు కనీసం అన్ని ఉండాలి. పద్ధతి ఏదైనా సరే ఇది తప్పదు. రేపు ఎవరైనా చిన్న కీతో పరిపూర్ణ రహస్యం ఇచ్చే యాప్ చేశానని చెప్తే, దాని కోడ్ చూడకుండానే ఆ మాట నిజం కాదని చెప్పొచ్చు.

రెండోసారి వాడితే

కీ అంత పొడవు ఉండాలి కదా, కనీసం ఒకసారి తయారుచేసుకున్నదాన్ని మళ్ళీ మళ్ళీ వాడుకోవచ్చా? పేరులోనే "వన్ టైమ్" అని ఉంది. అయినా వాడి చూద్దాం. మీరు SARLE కి వాడిన QHMXC తోనే, ఇంకో రోజు VADDU అని పంపారు. ఆ చీటీ మీద LHPAW ఉంటుంది. రెండు చీటీలూ వార్డెన్ గారి దగ్గరున్నాయి. ఆయన ఒకదాంట్లోంచి ఇంకొకటి తీసేస్తారు:

```
IHDIG     8  7  3  8  6
LHPAW    11  7 15  0 22
తేడా     23  0 14  8 10
```

రెండింట్లోనూ అదే కీ కలిసి ఉంది కాబట్టి తీసివేతలో అది ఎగిరిపోయింది. మిగిలింది SARLE కి VADDU కి మధ్య తేడా. అందులో కీ అన్నదే లేదు. రెండో స్థానంలో 0 వచ్చింది కదా, రెండు సందేశాల్లోనూ అక్కడ ఒకటే అక్షరం ఉందని చూడగానే తెలుస్తోంది.

ఇక ఊహించడమే పని. మొదటిది VELLU అయి ఉంటుందనుకుని, దాంట్లోంచి ఈ తేడా తీసేస్తే రెండోది YEXDK వస్తుంది. అర్థం లేదు, కాబట్టి ఊహ తప్పు. మొదటిది SARLE అనుకుంటే రెండోది VADDU వస్తుంది. మాట అర్థవంతంగా ఉంది, కాబట్టి ఊహ ఒప్పయి ఉండాలి. ఒకే చీటీ ఉన్నప్పుడు ఏ ఊహనైనా ఖండించే మార్గం ఆయనకి లేదు. ఇప్పుడు రెండో చీటీ సాక్ష్యం చెప్తోంది. ఐదు అక్షరాల్లో యాదృచ్ఛికంగా రెండు మాటలు కుదిరే ప్రమాదం కొంత ఉంది గానీ, ఐదు వందల అక్షరాల ఉత్తరాలైతే తప్పు ఊహ ఎక్కడో అక్కడ బయటపడిపోతుంది.

ఇది కాగితం మీద లెక్క మాత్రమే కాదు. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో సోవియట్ దౌత్య కార్యాలయాలు అమెరికా నుంచి మాస్కోకి టెలిగ్రామ్‌లు పంపేవి. మాటల్ని ముందు ఒక కోడ్‌బుక్ ప్రకారం అంకెలుగా మార్చి, ఆ అంకెలకి ప్యాడ్ పేజీలోని అంకెలు కలిపేవారు. 1942 మొదట్లో కొన్ని నెలలపాటు మాస్కోలోని తయారీ కేంద్రం 35,000 కి పైగా పేజీల్ని రెండేసి ప్రతులు అచ్చువేసింది. యుద్ధపు ఒత్తిడే కారణమని చాలామంది అనుకుంటారు. ఆ ప్రతులు వేర్వేరు పుస్తకాల్లోకి, వేర్వేరు కార్యాలయాలకి వెళ్ళాయి. వాడేవాళ్ళలో ఎవరి పుస్తకం వాళ్ళకి కొత్తదే. తమ పేజీ ఇంకెక్కడో వాడకంలో ఉందని వాళ్ళు కనిపెట్టే వీలు లేదు.

అమెరికా సైన్యపు గూఢలిపి విభాగం 1943 ఫిబ్రవరిలో ఆర్లింగ్టన్ హాల్‌లో ఈ టెలిగ్రామ్‌ల మీద పని మొదలుపెట్టింది. తర్వాత దానికి వెనోనా అని పేరొచ్చింది. అదే ఏడాది రిచర్డ్ హాలక్ అనే లెఫ్టినెంట్, వాణిజ్య టెలిగ్రామ్‌లలో పేజీలు పునరావృతం అయిన ఆనవాళ్ళు పట్టుకున్నాడు. సరుకుల లెక్కలు రాసే టెలిగ్రామ్‌లలో ఒకే మూస మాటలు పదే పదే వస్తాయి. మన వార్డెన్ గారి ఊహల్లాగే అక్కడ ఊహించడం తేలిక. 1946 డిసెంబరులో మెరిడిత్ గార్డ్నర్ 1944 నాటి ఒక టెలిగ్రామ్ విప్పితే అందులో అణుబాంబు ప్రాజెక్టు శాస్త్రవేత్తల పేర్లు బయటపడ్డాయి. అణు రహస్యాలు సోవియట్లకు అందించిన క్లాస్ ఫక్స్ ఎవరో తేలింది కూడా ఈ పని వల్లే. 1950లో ఆయనకి 14 ఏళ్ళ శిక్ష పడింది.

నాకు ఈ కథలో ముఖ్యమనిపించేది మరొకటి. వెనోనా 1980 దాకా నడిచింది. అన్నేళ్ళ శ్రమలో పూర్తిగానో కొంతగానో చదవగలిగినవి సుమారు మూడు వేల సందేశాలే. జంట ప్రతి లేని పేజీతో పంపిన టెలిగ్రామ్ దగ్గర ఎంతటి మేధావి లెక్కలూ పనిచెయ్యలేదు. సిద్ధాంతం ఎక్కడా తప్పలేదు. అచ్చుయంత్రం దగ్గర నియమం తప్పింది, అంతే.

మన ఫోన్‌లో ఎందుకు లేదు

ఇప్పుడు మన రోజువారీ లెక్క వేద్దాం. మామూలు టెలిఫోన్ నాణ్యతతో మాట్లాడితే సెకనుకి 64,000 బిట్లు, అంటే నిమిషానికి 480 కిలోబైట్లు. గంటసేపు మాట్లాడితే 28.8 మెగాబైట్లు. ఇది ఒకవైపుదే. మీ మాటలకీ నా మాటలకీ ఒకే పేజీ వాడితే పైన చూసిన రెండో చీటీ కథే అవుతుంది, కాబట్టి అటు ఒక ప్యాడ్, ఇటు ఒక ప్యాడ్ కావాలి. ఇక 60 మంది ఉన్న క్లాసులో ఎవరు ఎవరితోనైనా మాట్లాడాలంటే 60 × 59 / 2 = 1,770 జంటలు. ప్రతి జంటా ముందుగా కలుసుకుని ప్యాడ్లు పంచుకోవాలి.

పెన్‌డ్రైవ్‌లో గిగాబైట్లు పడతాయి కదా అనొచ్చు. నిజమే, జాగా పెద్ద సమస్య కాదు. దాన్ని ఎలా చేరవేస్తారన్నది సమస్య. నెట్‌లో పంపిస్తే, ఆ పంపకాన్ని దాచడానికి ఇంకో ప్యాడ్ కావాలి, అదీ ఇంతే పొడవుండాలి. నెట్‌లో మామూలు గుప్తలిపితో పంపిస్తే, మొత్తం భద్రత ఆ మామూలు గుప్తలిపి స్థాయికి పడిపోతుంది. ప్యాడ్ ఎందుకన్నట్టే. మిగిలింది మనిషి స్వయంగా పట్టుకెళ్ళడం. వాడేశాక చెరపడం కూడా అంత సులభం కాదు. ఫ్లాష్ మెమరీలో ఫైల్ డిలీట్ చేసినా, పైన ఇంకేదైనా రాసినా, పాత డేటా చిప్‌లో వేరే చోట మిగిలిపోవచ్చు. కాగితమైతే అగ్గిపుల్ల చాలు.

ఆ సంచి సంగతి కూడా ఉంది. ఈ కోడ్ చూడండి:

```python
import secrets
m = "సర్లే".encode("utf-8")
k = secrets.token_bytes(len(m))
c = bytes(a ^ b for a, b in zip(m, k))
```

తెలుగు "సర్లే" 15 బైట్లు, కీ కూడా 15 బైట్లు. అచ్చం వన్ టైమ్ ప్యాడ్‌లా ఉంది. కానీ లినక్స్‌లో ఆ కీ బైట్లు వచ్చేది 256 బిట్ల విత్తనాన్ని సాగదీసే జనరేటర్ నుంచి. ఒక మెగాబైట్ కీ అడిగినా, ఆ ఒక్క విత్తనం నుంచే మొలిస్తే సాధ్యమయ్యే కీలు 2^256 మించవు. మనం నాలుగు అక్షరాల కీని ఐదుకి సాగదీసినట్టే ఇదీ. ఆచరణలో ఎంతో గట్టిదే, కానీ షానన్ చెప్పిన పరిపూర్ణత ఇందులో లేదు. నిజమైన ప్యాడ్ కావాలంటే ప్రతి బిట్టూ సంచిలోంచి తీసినట్టు ఏదో భౌతిక ప్రక్రియ నుంచే రావాలి.

ఇన్ని ఖర్చులు భరించి దీన్ని సరిగ్గా వాడిన చోటొకటి ఉంది. క్యూబా క్షిపణి సంక్షోభం తర్వాత 1963లో వాషింగ్టన్, మాస్కోల మధ్య టెలిప్రింటర్ లైన్ వేశారు. దానికి వన్ టైమ్ టేపులు వాడారు. ఒకరు తయారుచేసిన టేపులు తమ రాయబార కార్యాలయం ద్వారా రెండో వాళ్ళకి చేరేవి. ఇద్దరే వాడకందారులు, తక్కువ సందేశాలు, టేపులు మోయడానికి దౌత్య సిబ్బంది ఉన్నారు. పైగా ఒకరి గుప్తలిపి యంత్రాల రహస్యం ఇంకొకరికి చెప్పాల్సిన అవసరం రాలేదు. కూడిక తప్ప అందులో దాచేదేముంది?

ఆ లైన్‌ని గమనిస్తే వన్ టైమ్ ప్యాడ్ నిజంగా చేసే పనేమిటో తెలుస్తుంది. అది రహస్యాన్ని కొత్తగా పుట్టించదు. ఇవాళ కలిసినప్పుడు పంచుకున్న రహస్యాన్ని, సరిగ్గా అంతే పరిమాణంలో, రేపటికి వాడుకోనిస్తుంది. బ్యాంకులో వేసుకున్నంతే తీసుకోగలం, వడ్డీ ఉండదు. ఇవాళ సురక్షితంగా కలవగలిగి, రేపు కలవలేని వాళ్ళకి అది విలువైనదే. ఎప్పుడూ కలవని వెబ్‌సైట్‌తో రోజుకి వందసార్లు మాట్లాడే మనకి పనికిరాదు.

అందుకే మన ఫోన్లు ఆ వడ్డీ కోసం పరిపూర్ణతని వదులుకున్నాయి. చాచా20 లాంటి పద్ధతి 256 బిట్ల కీ నుంచి పొడవాటి నకిలీ ప్యాడ్ సాగదీసి, దాన్ని సందేశానికి కలుపుతుంది. కూడిక మన చీటీలోదే, అందుకే నియమం కూడా అదే. ఒకే కీతో ప్రతి సందేశానికీ ఒక కొత్త సంఖ్య జతచేసి కొత్త నకిలీ ప్యాడ్ పుట్టించాలి, ఆ సంఖ్య మళ్ళీ రాకూడదు. పాత వైఫై భద్రత డబ్ల్యూఈపీలో ఆ సంఖ్యకి 24 బిట్లే ఇచ్చారు, అంటే 1,67,77,216 విలువలు. రద్దీగా ఉన్న నెట్‌వర్క్‌లో కొన్ని గంటల్లోనే అవి అయిపోయి మొదటికొస్తాయి. అప్పుడు గాలిలోంచి పట్టుకున్న రెండు ప్యాకెట్లని ఎవరైనా ఒకదాంట్లోంచి ఒకటి తీసేసుకోవచ్చు, ఆర్లింగ్టన్ హాల్‌లో చేసినట్టు.